వంకపెట్టేది ఒప్పుకున్న ముఖం

సంధ్యారాణిని మా కాలేజీలో అందరూ నెమ్మదస్తురాలు అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. నోరు తెరిచి కాదనలేని మనిషి నెత్తిన ఎంత పనైనా రుద్దొచ్చని కనిపెట్టినవాళ్ళు, రుద్దే ముందు తగిలించే బిరుదు అది. పక్క సెక్షన్ మేడమ్ సెలవు పెడితే ఆ క్లాసు సంధ్యారాణికి. పరీక్ష హాల్లో కాపలా సంధ్యారాణికి. ఉద్యోగం ఖాయం చేసే లిస్టు వచ్చినప్పుడు మాత్రం ఆ పేరు ఎవరికీ గుర్తుండదు. ఆమె కంప్యూటర్లు చెబుతుంది, నేను లెక్కలు చెబుతాను. నా పేరు రూపాదేవి. నోరు మంచిది కాదని పేరుంది. అందుకే నా నెత్తిన ఎవరూ ఏమీ రుద్దరు.

మా కాలేజీ చోడవరం నుంచి అనకాపల్లి వెళ్ళే దారిలో ఉంది. సంధ్యా వాళ్ళ ఫొటో స్టూడియో చోడవరంలోనే, చెరకు ట్రాక్టర్లు మలుపు తిరగలేక ఆగిపోయేచోట. సంధ్య తండ్రి గణపతిరావు గారిది ఆ కొట్టు. ఒకప్పుడు చుట్టుపక్కల ఏ పెళ్ళి జరిగినా ఆయన కెమెరా ఉండాల్సిందే. ఇప్పుడు బతికున్నవాళ్ళు ఎవరి ఫొటోలు వాళ్ళు ఫోన్లో తీసుకుంటున్నారు. ఆయన దగ్గరికి వచ్చేవి పాస్‌పోర్టు ఫొటోలూ, పోయినవాళ్ళ ఫొటోలూ. ఎప్పటిదో గుంపు ఫొటోలోంచి ఒక ముఖాన్ని విడదీసి, మచ్చలు తుడిచి, రంగు కాస్త తేల్చి, నుదుట బొట్టు దిద్ది, గోడకి పెట్టుకునేంత చేసి ఇస్తాడు. ఆ పనిలో ఆయన చెయ్యి మంచిదని వడ్డాది నుంచీ కె.కోటపాడు నుంచీ కూడా వస్తారు.

సంధ్యకి ఊహ తెలియకముందే తల్లి పోయింది. బడి వదలగానే ఆ పిల్ల ఇంటికి కాదు, స్టూడియోకే వచ్చేది. గణపతిరావు గారు కొత్త లైటు బిగించినా, వెనక తెర మార్చినా, లెన్సు తుడిచినా, ముందు కూతుర్నే స్టూలు మీద కూర్చోబెట్టి ఒకటి కొట్టేవాడు. "కదలకే గుంటా. గెడ్డం కొంచెం దించు. తల ఇటు వాల్చు." గౌను వేసుకునే వయసు నుంచి కాలేజీలో చేరేదాకా రోజూ అదే తంతు. ఆ ఫొటోల్ని వాళ్ళు ఫొటోలనుకోలేదు. లైటు చూసుకోవడం అనుకున్నారు. తీసినవన్నీ పెట్టెల్లోకి వెళ్ళిపోయేవి.

అచ్చియ్యమ్మ వచ్చిన రోజు నేను ఆ కొట్టులోనే ఉన్నాను. ఏదో దరఖాస్తుకి పాస్‌పోర్టు ఫొటో కావలసి వెళ్ళాను. ఆవిడది బుచ్చయ్యపేట వైపు పల్లె. చెరకు తోటల్లో కూలికి వెళుతుంది, మొగుడు లేడు. ప్లాస్టిక్ సంచిలోంచి అద్దం బిగించిన ఫొటో ఫ్రేము తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది బాగవుద్దా బాబూ?"

ఓణీ వేసుకున్న పిల్ల. ఎడమవైపు బాగానే ఉంది. ఒక కన్ను, సగం ముక్కు, పెదవి చివర. రెండోవైపు తడిసి, ఉబ్బి, అద్దానికి అంటుకుపోయి, తెల్లగా బూజు పట్టి ఉంది.

"మా గుంట. చిన్నతల్లి. జొరమొచ్చి పోనాది. ఆ మరుసటేడే హుద్‌హుద్ తుపానొచ్చింది గదా, ఇంటిమీద రేకులన్నీ ఎగిరిపోనాయి. మూడ్రోజులు వానలోనే ఉండిపోనాది ఇది."

"ఇంకో ఫొటో ఏటీ లేదా అమ్మా?" అన్నాడు గణపతిరావు గారు.

"నేదు బాబూ. వడ్డాది సంతలో ఎవుడో తీసేడు. ఇదొక్కటే." ఆవిడ ఆయన్ని కాక గోడల మీది ముఖాల్ని చూస్తూ అంది. "మొదట్లో కళ్ళు మూసుకుంటే అగుపించేది బాబూ. ఇప్పుడు అగుపించట్నేదు. గొంతు ఇనిపిస్తది, మొహం రాదు. కన్నదాన్ని నేనే మరిసిపోతే ఇంకెవులికి గురుతుంటది సెప్పు?"

నాకు చప్పున కళ్ళు చెమర్చాయి, ఆ వెంటనే కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు.

గణపతిరావు గారు ముందు ఫోన్లోని యాప్ ఒకటి పెట్టి చూశాడు. నిమిషంలో మొత్తం ముఖం వచ్చింది. తెల్లగా, బుగ్గలు నున్నగా, సబ్బు ప్రకటనలో పిల్లలా ఉంది. అచ్చియ్యమ్మ మర్యాదగా చూసి తల అడ్డంగా ఊపింది. "ఈ గుంట మావోల్ల గుంటలా నేదు బాబూ."

అప్పుడు నా పక్క స్టూలు మీంచి సంధ్యారాణి అంది. "నేను చేస్తానమ్మా. కొన్నాళ్ళు పడుతుంది."

నేను బల్ల కింద నుంచి ఆమె కాలు తొక్కాను. లాభం లేకపోయింది. పిల్ల పోయిన రోజు వైశాఖంలో వస్తుందట. ఆ రోజు ఫొటో ముందు పిల్లకిష్టమైనవి వండి పెట్టాలి. చెడిపోయిన ఫొటోకి దండ వెయ్యకూడదని వాళ్ళవాళ్ళు అంటే, ఇన్నేళ్ళూ దాని మీద గుడ్డ కప్పి, ఆ గుడ్డ ముందే పెడుతోందట. "ఆ రోజుకి ఇస్తాను" అని మాటిచ్చేసింది మా నెమ్మదస్తురాలు.

బయటికొచ్చాక దులిపేశాను. "నీకేటైనా మతుందా? లేని సగం మొహం ఎక్కణ్ణించి తెస్తావే?"

"ఆ యాప్‌కి మన మొహాలు తెలీవక్కా. ఎక్కడెక్కడివో చూసి నేర్చుకుంది. నాన్న పెట్టెల్లో ఈ చుట్టుపక్కల మొహాలు ఎన్నున్నాయో తెలుసా? వాటితో నేను నేర్పిస్తాను."

"ఆ మొహాలవాళ్ళని అడిగేవా?"

ఆమె అప్పటికే పెట్టెలు దించడానికి లోపలికి వెళ్ళిపోయింది. వైజాగ్ యూనివర్సిటీలో పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ చేస్తోంది, ఆమె పరిశోధన ఇలాంటివాటి మీదే. నకిలీ బొమ్మలు తయారుచేసే నెట్‌వర్కులు. గాన్ అంటారు వాటిని. అప్పటిదాకా అంకెలూ చెప్పుల బొమ్మలూ తయారుచేయించింది. మనిషి ముఖం మీద చెయ్యి పెట్టడం అదే మొదలు.

వేసవి సెలవుల్లో కాలేజీ ఖాళీ. ల్యాబులో మంచి గ్రాఫిక్స్ కార్డున్న యంత్రం ఒక్కటే ఉంది, మామూలు రోజుల్లో దానికోసం కొట్టుకుంటారు. పెట్టెల్లోని ఫొటోలన్నీ స్కాన్ చేసి అందులోకి ఎక్కించింది సంధ్య. ఏసీ పాడైతే ఇంటి నుంచి టేబుల్ ఫ్యాను తెచ్చి యంత్రం వైపు తిప్పి పెట్టి, తను చెమటలో కూర్చుంది. నేను పేపర్లు దిద్దే నెపంతో రోజూ వెళ్ళేదాన్ని. నిజానికి ఆమె తిండి తింటోందో లేదో చూడ్డానికి.

మొదటి రోజు తెర మీద చూసి, "ఏటే ఇది, పెరుగన్నం ఒలికినట్టుంది?" అన్నాను.

"ఇంకా నేర్చుకోలేదక్కా. ఇందులో రెండు మోడల్సున్నాయి, నేర్చుకునే ప్రోగ్రాములనుకో. ఒకటి బొమ్మలు వేస్తుంది. రెండోది వంకలు పెడుతుంది. రెండోదానికి నాన్న తీసిన అసలు ఫొటోలూ, మొదటిది వేసిన నకిలీలూ కలిపి చూపిస్తాను. ఏది అసలు, ఏది నకిలీ అని అది చెప్పాలి. తప్పు చెప్తే అది దిద్దుకుంటుంది. ఒప్పు చెప్తే, దొరికిపోయినందుకు వేసేది దిద్దుకుంటుంది."

"వేసేదానికి అసలు ఫొటోలు చూపించవా?"

"ఒక్కటీ చూపించను. ఎటు మారితే వంక తగ్గుతుందో, వంకపెట్టేదాని దగ్గర్నుంచి ఆ సమాచారమే అందుతుంది. దాన్ని పట్టుకునే నేర్చుకుంటుంది. మొహాలు బాగా రావడం మొదలైతే, అది వెయ్యగల మొహాలన్నిట్లో వెతుకుతాను. ఏ మొహానికి ఎడమవైపు సరిగ్గా చిన్నతల్లిలా ఉందో అది దొరికితే, కుడివైపు కూడా దొరికినట్టే."

వినడానికి బాగుంది. లెక్కల మనిషిని కదా, నాకు అప్పుడే ఒక అనుమానం వచ్చింది. మామూలుగా ఒక్క మోడల్‌కి నేర్పితే, వాలు పట్టుకుని కిందికి దిగడం లాంటిది. నేల కదలదు, అడుగు అడుగుకీ తప్పులు తగ్గే లోయ దగ్గరవుతుంది. ఇక్కడ ఒకరు అడుగేస్తే రెండోవాళ్ళ కాళ్ళకింద నేల మారిపోతుంది. ఇద్దరూ దిగుతున్నామనుకుంటూనే ఒకరి చుట్టూ ఒకరు గిరగిరా తిరుగుతూ ఉండిపోవచ్చు. ఇద్దరూ ఒకచోట కుదురుకుంటారని భరోసా లేదు. ఆ మాటే అన్నాను. "తెలుసక్కా" అంది. తెలిసి కూడా మాటిచ్చిందంటే ఏమనాలి?

నేను భయపడ్డట్టే అయింది. కొన్నాళ్ళు పోయినా తెర మీద పెరుగన్నమే.

"వంకపెట్టేది మరీ తెలివి మీరిపోయిందక్కా. వేసేది ఏది చూపించినా అనుమానమే లేకుండా నకిలీ అనేస్తంది."

"మంచిదే కదే?"

"కాదక్కా. ఇది కొంచెం నయం, అది ఇంకా అన్యాయం అని తేడా చెప్తేనే కదా, వేసేదానికి దారి తెలిసేది. అన్నీ ఒకేలా సున్నా అంటే ఎటు జరగాలి?"

అర్థమైంది. పేపరు తెరవకుండానే క్లాసంతటికీ సున్నా వేసే మాస్టారు దగ్గర ఎవడూ బాగుపడడు. వాలు చచ్చిపోయి నేల చదునైపోయింది. వేసేది ఉన్నచోటే నిలబడిపోయింది. కారణం వెతికితే నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. గణపతిరావు గారి స్కానరు గాజు మీద సన్నటి గీత ఉంది. అసలు ఫొటోలన్నిట్లో అదే చోట ఆ గీత. వంకపెట్టేది కళ్ళూ ముక్కూ చూడనేలేదు. గీత ఉంటే అసలు, లేకపోతే నకిలీ. మొహాల గురించి ఏమీ నేర్చుకోకుండానే పాసైపోతోంది.

సంధ్య ప్రతి ఫొటోలోంచీ ఆ గీత తుడిచేసింది. వంకపెట్టేది నేర్చుకునే వేగం తగ్గించింది. 'అసలు' అన్నదాన్ని పూర్తిగా అసలని కాక, కొంచెం అనుమానం మిగుల్చుకుని చెప్పమని దానికి నేర్పింది. అసలువాటి మీదా నకిలీవాటి మీదా సమానంగా కొంచెం మసక చల్లింది. ఈసారి వంకపెట్టేది మెత్తబడిపోయింది. మూడు కళ్ళున్న ముఖాన్నీ ఒప్పేసుకుంది. సంధ్య దాన్ని మళ్ళీ బిగించింది. ఒక సాయంత్రం ముఖాలు వచ్చాయి, నిజంగా మన సంతలో కనబడే ముఖాలు. పొద్దున్న వెళ్ళేసరికి కరిగిపోయి ఉన్నాయి.

"నిన్నటికీ ఇవాల్టికీ అంకెల్లో తేడా ఏటి?" అన్నాను.

"ఏటీ లేదక్కా. అదే బాధ. రెండిటి తప్పులూ నిన్నెంతున్నాయో ఇవాళా అంతే. అవి ఒకదాన్నిబట్టి ఒకటి కొలుచుకున్న అంకెలు. రెండూ బాగుపడినా అంతే ఉండొచ్చు, రెండూ పాడైనా అంతే ఉండొచ్చు. కళ్ళతో చూసుకోవడమే."

ఆ వేసవిలో ఆమె సగమైపోయింది. పోయిన కరెంటు వచ్చేదాకా చీకటి తెర ముందు కూర్చునేది. అచ్చియ్యమ్మ సంత రోజున చోడవరం వచ్చినప్పుడల్లా స్టూడియో గుమ్మం పక్క బెంచీ మీద కాసేపు కూర్చుని వెళ్ళిపోతోందని గణపతిరావు గారు చెప్పాడు. ఏమైందని ఒక్కసారీ అడగదట. అడిగితే నయం. ఆ కూర్చోవడం తలుచుకుంటేనే నాకు గుండె బరువెక్కేది. సంధ్యకెలా ఉండేదో.

తిథి దగ్గర పడ్డాక ముఖాలు నిలబడ్డాయి. మళ్ళీ కరగలేదు. అంతకుముందు తెర మీద గళ్ళు గళ్ళుగా బోలెడు ముఖాలు ఒకేసారి చూసుకునేది. ఇప్పుడు ముఖాలు స్పష్టంగా వచ్చేసరికి ఆమెలోని స్టూడియో పిల్ల నిద్ర లేచింది. ఒక్కో ముఖాన్ని తెరనిండా పెద్దది చేసి, తండ్రి దగ్గర నేర్చుకున్నట్టు కనురెప్ప, ముక్కుపుటం, పెదవి అంచు పట్టి పట్టి చూసింది. ఏ ఒక్కదానికీ వంక లేదు. వాటిలో వెతికితే చిన్నతల్లి ఎడమవైపుకి దగ్గరగా ఒకటి దొరికింది. నుదుటి మీద పాపిడి, కంటి చివర, పెదవి మూల, దాదాపు సరిపోయాయి. అసలు సగానికి కొత్త సగం అతికిస్తే మాత్రం మధ్యలో అతుకు తెలిసిపోయింది. యంత్రం వేసిన ముఖమే మొత్తంగా తండ్రి ఫోనుకి పంపింది. రంగు ఎలా వస్తుందో చిన్న ప్రింటు తీసి చూడమంది.

మర్నాడు నేను ల్యాబులో ఉండగానే ఆయన ఫోను చేశాడు. ఆయన గొంతు నాకూ వినబడింది.

"ఆవిడొచ్చిందే అమ్మా. తిథి రేపేనంట. పెద్దది తీసి ఫ్రేము కట్టించి, పాతదాంతో పాటు ఇచ్చేసేను. నా చేతులట్టుకుని ఏడ్చిందే. ఇదే నా గుంట బాబూ అంది. ఎంత మంచి పని చేసేవే తల్లీ."

సంధ్య ఫోను పెట్టేసి చున్నీలో ముఖం దాచుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, ఎందుకు దాచాలి? ఇన్నాళ్ళూ దాన్ని తిట్టినందుకు ఆ రోజు క్యాంటీన్ లేకపోయినా బయటికెళ్ళి పకోడీలు తెచ్చాను.

తింటూ తింటూ, "ఇంకా ఏటేటి వేసిందో చూపించవే, ఒక్కొక్కటీ కాదు, అన్నీ ఒకేసారి" అన్నాను. గళ్ళు గళ్ళుగా తెరనిండా వచ్చాయి.

ఒకరిది జడ, ఒకరిది ముడి. ఒకరు ఎర్రచీర, ఒకరు ఓణీ. ఒకరు చిన్నపిల్ల, ఒకరు కాస్త పెద్ద. కాసేపు చూశాక నా చేతిలో పకోడీ అలాగే ఉండిపోయింది.

"అన్నీ ఒకే గుంటలా ఉన్నాయేటే?"

ఆమె తెర కిందికి జరిపింది. ఇంకో తెరనిండా ముఖాలు. ఇంకోటి. అన్ని ముఖాలూ గెడ్డం కొంచెం దించి, తల ఒకవైపు వాల్చి ఉన్నాయి. నేను తెర మీంచి చూపు తిప్పి, దాన్ని చూస్తున్న మనిషిని చూశాను.

"సంధ్యా. ఇది నువ్వేనే."

ఆమెకి అంతకుముందే తెలిసిపోయినట్టుంది. అయినా చివరి ఆశ ఏదో ఉన్నట్టు, "నీ ఫొటో ఒకటివ్వక్కా" అంది. నా పాస్‌పోర్టు ఫొటోలో కుడి సగం చెరిపేసి, మిగతా సగానికి సరిపోయే ముఖాన్ని వెతకమని యంత్రానికి చెప్పింది. నా ముఖానికీ ఆమె ముఖానికీ ఎక్కడా పొంతన లేదు. నాది గుండ్రటి ముఖం, పైగా ముక్కు చట్టి. వచ్చింది మాత్రం, జుట్టు నాలా దువ్వుకుని నా వయసు వేసుకున్న సంధ్యారాణి.

ఆ తర్వాత ఆమె చెప్పిన మాటల్ని నేను లెక్కలో పెట్టి చూసుకున్నాను. వేసేదాని పని అన్ని రకాల ముఖాలూ వెయ్యడం కాదు. వంకపెట్టేది ఒప్పుకునేలా వెయ్యడమే. ఎప్పుడూ ఒప్పించగల ముఖం ఒకటి దొరికితే మిగతావి దానికి అక్కర్లేదు. జడ మార్చి, చీర మార్చి అదే వేస్తుంది. మామూలుగా ఒకే ముఖం పదేపదే వస్తోందని వంకపెట్టేది పసిగట్టేస్తుంది. అప్పుడు వేసేది ఇంకో ముఖానికి గెంతుతుంది, అక్కడా దొరికిపోతే ఇంకోదానికి. ఇక్కడ ఆ గెంతడం ఆగిపోయింది. ఎందుకంటే గణపతిరావు గారి పెట్టెల్లో మిగతావాళ్ళందరూ ఒకటో రెండో సార్లు ఉంటే, లైటు చూసుకోవడానికి కూర్చున్న పిల్ల పెట్టెల నిండా ఉంది. ఆ ముఖాన్ని నకిలీ అంటే, వంకపెట్టేదానికి అసలువాటిని కూడా తప్పు చెప్పినట్టవుతుంది. అందుకే అది ఆ ముఖాన్ని గట్టిగా కాదనలేకపోయింది. ఆ గెంతడం ఆగిన రోజే, ముఖాలు నిలబడ్డాయని మేము సంతోషించింది.

స్టూడియోకి వెళ్ళేసరికి గణపతిరావు గారు మిగిలిపోయిన చిన్న ప్రింటుని అద్దం అంచున గుచ్చి పెట్టుకున్నాడు, ముచ్చటపడి. సంధ్య దాన్ని తీసి, తన ముఖం పక్కన పట్టుకుంది. ఆయన చాలాసేపు చూశాడు.

"ఎక్కడో చూసిన గుంటలాగుంది అనుకున్నానే" అన్నాడు చివరికి. "ఇదే మచ్చ తుడవాలి, ఇదే గెడ్డం సవరించాలి అని నా చెయ్యి ముందే వెళ్ళిపోయింది. అయినా తెలీలేదు."

"వెళ్ళి చెప్పేస్తాను నాన్నా."

"చెప్పి ఏటి చేస్తావు? ఆవిడ ఎన్నేళ్ళకో దండేసుకుంది. దాన్ని లాగేస్తావా?"

"మరిసిపోతన్నాను, సాయం సెయ్యండని వచ్చింది నాన్నా. మనం మొత్తం మరిపించేసేం."

ఇద్దరిలో ఎవరిది తప్పని నేను చెప్పలేను.

సంధ్య ఉత్త చేతులతో వెళ్ళకూడదనుకుంది. తన ఫొటోలన్నీ తీసేసి మళ్ళీ మొదలుపెట్టింది. అవి పోయాక మిగిలినవి తక్కువ. ఆ కొద్ది ఫొటోల్నీ వంకపెట్టేది కంఠస్థం పట్టేసింది. ముఖం ఎలా ఉంటుందో నేర్చుకోవడం మానేసి, ఇది నేను చూసిన ఫొటో, ఇది కాదు, అంతే. మళ్ళీ అందరికీ సున్నా, మళ్ళీ పెరుగన్నం. మసక పెంచింది, ఫొటోల్ని ఎడమా కుడీ తిరగేసి చూపించింది, వేగాలు మార్చింది, మొదటి అడుగు వేరేచోట నుంచి వేయించింది. ఒకసారి ముఖాలు వచ్చి అంతలోనే చెదిరాయి. ఇంకోసారి ఎవరో మీసాల పెళ్ళికొడుకు ఒక్కడే తెరంతా నిండాడు. నేను నవ్వాను, ఆమె నవ్వలేదు. కాలేజీ తెరిచారు. ఆ యంత్రం ముందు పిల్లలు వరస కట్టారు. ఆమె చెయ్యగలిగింది అయిపోయింది.

ఒక ఆదివారం బుచ్చయ్యపేట బస్సెక్కాం. ఆమె సంచిలో ఒక ప్రింటు ఉంది. మొదట్లో స్కాన్ చేసి పెట్టుకున్న చిన్నతల్లి అసలు సగం, బాగా పెద్దది చేసి, చెడిపోయిన వైపు ఏమీ వెయ్యకుండా తెల్లగా వదిలేసింది. "కుడివైపు నాకు తెలీదమ్మా, ఎడమవైపు మాత్రం మీ పిల్లదే అని చెప్తాను. రెండూ పక్కపక్కన చూస్తే ఆవిడకే తెలుస్తుంది. కన్నతల్లి కదక్కా" అంది. ఆమె ఆశంతా ఆ మాట మీదే ఉంది. నేను కిటికీలోంచి చెరకు తోటలు చూస్తూ కూర్చున్నాను.

అచ్చియ్యమ్మ మమ్మల్ని చూసి గాభరాపడి పక్కింటి నుంచి కుర్చీలు తెచ్చింది. గోడ మీద ఫొటో. దండ, అద్దం మీద కుంకుమ బొట్టు, కింద దీపం. గెడ్డం కొంచెం దించి, తల వాల్చి, సంధ్యారాణి ఓణీలో నవ్వుతోంది. సంధ్య దానివైపు చూడలేక తల దించుకుంది.

"ఇప్పుడు కళ్ళు మూసుకున్నా అగుపిస్తంది తల్లీ" అంది అచ్చియ్యమ్మ. "రేత్రి కల్లోకి కూడా వచ్చింది. ఇన్నేళ్ళకి వచ్చింది. అచ్చం అలాగే, తల వాల్చి."

"అమ్మా, పాత ఫొటో ఒకసారి ఇస్తారా?"

"అదెక్కడిదమ్మా, ఏట్లో ఒగ్గేసేను. కొత్తది వచ్చేక పాడైంది ఇంట్లో ఉంచకూడదు గదా."

సంధ్య సంచిలోంచి ప్రింటు తీసింది. "ఇది చూడండమ్మా. దీని గురించే చెప్పాలని వచ్చేను."

ఆవిడ దాన్ని గుమ్మంలో వెలుతురు దగ్గరికి తీసుకెళ్ళింది. దూరంగా పట్టి, దగ్గరగా పట్టి చూసింది. తల తిప్పి గోడమీది ఫొటోని చూసింది. మళ్ళీ దీన్ని చూసింది. ఇప్పుడు తెలిసిపోతుంది, ఏడుస్తుంది, తిడుతుంది, తిట్టనీ అనుకున్నాను.

ఆవిడ ముఖంలో జాలి తప్ప ఏమీ లేదు.

"పాపం, ఎవులమ్మా ఈ గుంట?" అంది. "మీ సుట్టాలా? దీనిదీ పాడైపోనాదా? నాకు సేసినట్టే దీని తల్లికీ సేసి ఇయ్యి తల్లీ."

సంధ్య చెప్పబోయి మానేసింది. అచ్చియ్యమ్మ ప్రింటు ఆమె చేతిలో పెట్టి, ఆమె గెడ్డం పట్టుకుని వెలుతురులోకి తిప్పింది.

"నీ గెడ్డం అచ్చం మా చిన్నతల్లిదేనమ్మా. ఇన్నాళ్ళూ సూడనేలేదు నేను."

మాకు తినమని అరిసెలు పెట్టింది. తిన్నాం. ఎలా తిన్నామో తెలియదు.

తిరుగు బస్సులో సంధ్య ఆ ప్రింటుని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఒక కన్ను, సగం ముక్కు, పెదవి చివర, పక్కన తెల్లకాగితం. ఆ పిల్ల ఎవరో తెలిసినవాళ్ళం ఇక మేమిద్దరమే. మేము దాన్ని బతికుండగా ఒక్కసారి కూడా చూడలేదు.